డ్యూయల్ సిమ్ ఫోన్‌లో హాట్‌స్పాట్: ఏ సిమ్ డేటా పోతుంది, అమెరికా ప్లాన్లలో ఎందుకు ఆపుతారు

ప్రశ్న: ఈ మధ్యే ఎం.ఎస్. కోసం అమెరికా వచ్చాను. ఫోన్‌లో ఓటీపీల కోసం ఇండియా సిమ్, ఇక్కడి ప్రీపెయిడ్ అన్‌లిమిటెడ్ ఈసిమ్ రెండూ ఉన్నాయి. హాట్‌స్పాట్ పెడితే ఏ సిమ్ డేటా పోతుంది? రోమింగ్ బిల్లు పడుతుందేమోనని టెన్షన్. పైగా లాప్‌టాప్ కనెక్ట్ అవుతోంది కానీ నెట్ రావడం లేదు, ఫోన్‌లో మాత్రం బాగానే వస్తోంది. ఈ కంపెనీలు హాట్‌స్పాట్ ఎందుకు ఆపుతాయి?

జవాబు:

హాట్‌స్పాట్‌కు విడిగా సిమ్ ఎంచుకునే వీలు ఉండదు. ఆ సమయానికి ఫోన్‌లో మొబైల్ డేటా ఏ సిమ్ మీద నడుస్తోందో లాప్‌టాప్ కూడా దాన్నే వాడుకుంటుంది. ఐఫోన్‌లో Settings → Cellular → Cellular Data దగ్గర టిక్ ఉన్న లైనే అది. శాంసంగ్‌లో Connections → SIM manager లోపల, పిక్సెల్‌లో Network & internet → SIMs లోపల చూడండి. కాల్స్‌కు, మెసేజ్‌లకు ఏ సిమ్ పెట్టుకున్నారన్నదానికీ దీనికీ సంబంధం లేదు. కాల్స్‌కు ఇండియా నంబరు, డేటాకు ఇక్కడి ఈసిమ్ అని పెట్టుకుంటే హాట్‌స్పాట్ ఇక్కడి ఈసిమ్ మీదే నడుస్తుంది.

మీ టెన్షన్‌కు నిజంగా కారణం కాగలిగే స్విచ్ ఒకటి ఉంది. ఐఫోన్‌లో దాని పేరు Allow Cellular Data Switching. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఒక సిమ్‌కు సిగ్నల్ బాగా లేకపోతే డేటాను తనంతట తానే రెండో సిమ్‌కు మార్చే ఏర్పాటు ఉంటుంది. పేరు మాత్రం ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టింది. ఇండియాలో రెండు సిమ్‌లూ అక్కడివే అయినప్పుడు ఇది మంచి సౌకర్యం. అమెరికాలో ఒక సిమ్ రోమింగ్‌లో ఉన్నప్పుడు దీన్ని ఆపేయడమే మేలు. దానితో పాటు ఇండియా లైన్ లోపలికి వెళ్లి Data Roaming కూడా ఆఫ్ చేయండి. అసలు తాళం ఇదే. ఇది ఆఫ్‌లో ఉంటే పై స్విచ్ పొరపాటున ఆన్‌లో ఉన్నా డేటా ఇండియా సిమ్ మీదకు వెళ్లలేదు. ఓటీపీల గురించి భయం వద్దు. ఎస్సెమ్మెస్ రావడానికి సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివ్‌గా ఉండాలి గానీ, ఫోన్‌లోని డేటా రోమింగ్ బటన్ అక్కర్లేదు.

నేను టెక్సాస్ వచ్చిన కొత్తలో ఇంటికి నెట్ కనెక్షన్ రాకముందు, ఇలాగే రెండు సిమ్‌ల ఫోన్ మీద లాప్‌టాప్ నడిపాను. అప్పుడు నాకు ఎదురైన సమస్య బిల్లు కాదు. అమ్మ ఇండియా నంబరుకు ఫోన్ చేసిందంటే చాలు, లాప్‌టాప్‌లో మీటింగ్ ఆగిపోయేది. కాల్ పెట్టేయగానే మళ్లీ వచ్చేది. చాలా డ్యూయల్ సిమ్ ఫోన్లలో రెండు సిమ్‌లూ సిగ్నల్ కోసం కాచుకుని ఉంటాయి గానీ, రెండూ ఒకేసారి పనిచేయవు. ఒక సిమ్ మీద కాల్ నడుస్తుంటే రెండో సిమ్ డేటా పక్కకు తప్పుకుంటుంది, దానితో హాట్‌స్పాట్ కూడా ఆగుతుంది. మీ హాట్‌స్పాట్ మధ్యమధ్యలో పోతోందంటే ముందు ఆ సమయానికి రెండో నంబరుకు కాల్ వచ్చిందేమో గమనించండి. పరీక్ష రాసేటప్పుడో, ఇంటర్వ్యూ ఉన్నప్పుడో ఇండియా లైన్‌ను Turn On This Line దగ్గర కాసేపు ఆపేయడం తేలిక.

ఇక మీ రెండో సమస్య. లాప్‌టాప్ కనెక్ట్ అయినట్టు చూపిస్తున్నా నెట్ రావడం లేదంటే తప్పు రెండు చోట్లలో ఒక చోట ఉంటుంది: ఫోన్‌కూ లాప్‌టాప్‌కూ మధ్య, లేదా ఫోన్‌కూ టవర్‌కూ మధ్య. దీన్ని తేల్చడానికి ముందు ఫోన్‌లో వైఫై ఆపి, బ్రౌజర్‌లో ఏదైనా పేజీ తెరవండి. ఫోన్ క్యాంపస్ వైఫై మీద ఉంటే దాన్ని చూసి మొబైల్ డేటా బాగానే ఉందని అనుకునే ప్రమాదం ఉంది. తర్వాత విండోస్ లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇవి కొట్టండి:

```
ipconfig
ping 8.8.8.8
```

ఐఫోన్ హాట్‌స్పాట్ అయితే ఐపీ అడ్రస్ 172.20.10 తో మొదలవ్వాలి. ఆండ్రాయిడ్‌లో ఎక్కువగా 192.168 తో మొదలవుతుంది. అలా వచ్చిందంటే లాప్‌టాప్ నుంచి ఫోన్ దాకా అంతా సరిగ్గా ఉన్నట్టే. 169.254 తో మొదలైతే ఫోన్ దానికి అడ్రసే ఇవ్వలేదు, హాట్‌స్పాట్‌ను ఆపి మళ్లీ పెట్టండి. అడ్రస్ సరిగ్గా ఉండి, ఫోన్‌లో మొబైల్ డేటా నడుస్తూ, పింగ్‌కు మాత్రం జవాబు రాకపోతే అనుమానం కంపెనీ వైపే వెళ్లాలి. యూఎస్‌బీ కేబుల్‌తో కూడా ఒకసారి ప్రయత్నించండి. అప్పుడు కూడా అంతే ఉంటే వైఫైని పూర్తిగా వదిలేయవచ్చు.

నా విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. నా ప్రీపెయిడ్ ప్లాన్ పేరులో అన్‌లిమిటెడ్ అని ఉన్నా, కింద చిన్న అక్షరాల్లో హాట్‌స్పాట్ లేదని ఉంది. ఫోన్ ఇండియాలో కొన్నది కాబట్టి హాట్‌స్పాట్ బటన్ ఎలాంటి అభ్యంతరం లేకుండా ఆన్ అయ్యేది. అదే కంపెనీ దగ్గర ఫోన్ కొన్న నా రూమ్‌మేట్‌కు బటన్ నొక్కగానే ప్లాన్ మార్చుకోమని సందేశం వచ్చేది. ఆపే పని ఫోన్‌లోనూ జరగవచ్చు, నెట్‌వర్క్‌లోనూ జరగవచ్చు. అందుకే బటన్ ఆన్ అయినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

ఫోన్‌లో జరిగేదేమిటంటే, హాట్‌స్పాట్ పెట్టగానే ఫోన్, కంపెనీ సర్వర్‌ను ఈ ఖాతాకు అనుమతి ఉందా అని అడుగుతుంది. లేదంటే అక్కడితో ఆగిపోతుంది. ఇంకో పద్ధతిలో హాట్‌స్పాట్ డేటాను వేరే దారిలో పంపమని కంపెనీ ఫోన్‌కు చెబుతుంది. కంపెనీ డేటా నెట్‌వర్క్‌కు ఫోన్ ఎలా కనెక్ట్ అవ్వాలో చెప్పే వివరాలను ఏపీఎన్ సెట్టింగ్స్ అంటారు, ఆ దారిని వాటిలో `dun` అనే పదంతో గుర్తిస్తారు. ఫోన్ సొంత వాడకం ఒక దారిలో, లాప్‌టాప్ వాడకం మరో దారిలో పోతే రెండింటినీ విడివిడిగా లెక్కపెట్టడం కంపెనీకి సులువు.

ఇవేవీ లేకపోయినా నెట్‌వర్క్ పసిగట్టగలదు. ప్రతి డేటా ప్యాకెట్ మీద టీటీఎల్ అనే ఒక సంఖ్య ఉంటుంది. ప్యాకెట్ ఒక రౌటర్ దాటిన ప్రతిసారీ అది ఒకటి తగ్గుతుంది. ఫోన్ సొంతంగా పంపే ప్యాకెట్ సాధారణంగా 64తో బయల్దేరి టవర్ వైపు 64గానే వెళ్తుంది. విండోస్ లాప్‌టాప్ 128తో మొదలుపెడుతుంది. మధ్యలో మీ ఫోన్ రౌటర్‌లా పనిచేస్తుంది కాబట్టి అది 127 అవుతుంది. మ్యాక్ నుంచి వస్తే 64 కాస్తా 63 అవుతుంది. 127, 63 కనిపించాయంటే ఈ ఫోన్ వెనక మరో పరికరం ఉందని అవతలివాళ్లకు తెలిసిపోతుంది. ఈ సంఖ్యను మార్చే చిట్కాలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. ఒప్పందంలో హాట్‌స్పాట్ లేదని రాసి ఉన్నప్పుడు వాటి జోలికి వెళ్లవద్దనే చెబుతాను. లైన్ కట్ చేస్తే దానితో పాటు బ్యాంకుకు, యూనివర్సిటీకి ఇచ్చిన మీ అమెరికా నంబరు కూడా ఇరుక్కుంటుంది.

అసలు ఎందుకు ఆపుతారన్నదానికి మూలం అన్‌లిమిటెడ్ అనే మాటకు పెట్టిన ధరలో ఉంది. ఫోన్ తెర మీద ఒక మనిషి ఎంత చూడగలడో అంచనా వేసి ఆ ధర కడతారు. లాప్‌టాప్ అలా కాదు, మనం నిద్రపోతున్నా విండోస్ అప్‌డేట్ దించుకుంటుంది, ఒక్క గేమ్ 100 జీబీ ఉండవచ్చు. ఒక టవర్ కింద ఉన్నవాళ్లంతా అదే గాలిలోని సామర్థ్యాన్ని పంచుకోవాలి. ఇది నిజమైన కారణమే. ఇంకో కారణం వ్యాపారం. అదే కంపెనీలు ఇంటికి 5జీ నెట్‌ను వేరే ప్లాన్‌గా అమ్ముతాయి, హాట్‌స్పాట్‌ను ఖరీదైన ప్లాన్‌లో చేర్చి అమ్ముతాయి. చవక ప్లాన్‌తో ఇల్లంతా నడిచిపోతే వాటిని కొనేదెవరు?

ఇండియాలో రోజుకు ఇన్ని జీబీ అని అమ్మే ప్రీపెయిడ్ ప్లాన్లలో సాధారణంగా హాట్‌స్పాట్‌కు వేరే లెక్క ఉండదు. ఫోన్‌లో వాడినా లాప్‌టాప్‌లో వాడినా ఆ రోజు కోటాలోంచే పోతుంది. మనవాళ్లకు ఇక్కడి పద్ధతి వింతగా అనిపించేది అందుకే. నా అభిప్రాయం కూడా ఆ వైపే ఉంది. లెక్కపెట్టి అమ్మిన జీబీలను ఎక్కడ వాడాలో కంపెనీ చెప్పడం అన్యాయం. లెక్క లేకుండా అమ్మినప్పుడు మాత్రం హాట్‌స్పాట్‌కు హద్దు పెట్టడం అర్థం చేసుకోగలను.

అమెరికాలో ఈ తేడా మీదే ఒక కేసు తేలింది. 2008లో జరిగిన 700 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ వేలంలో సీ బ్లాక్ అనే భాగాన్ని వెరైజన్ కొన్నది. వినియోగదారులు తమకు నచ్చిన యాప్‌లు, పరికరాలు వాడుకోకుండా అడ్డుకోకూడదనే షరతు ఆ భాగానికి ఉంది. ఫోన్ నెట్‌ను లాప్‌టాప్‌కు పంచే ఉచిత టెదరింగ్ యాప్‌లను వెరైజన్ కస్టమర్లకు అందకుండా యాప్ స్టోర్‌లో ఆపించారన్న ఆరోపణ మీద అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ విచారణ జరిపింది. 2012 జులైలో వెరైజన్ 12.5 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. జీబీల లెక్కన డబ్బు కట్టే కస్టమర్లు వేరే రుసుము లేకుండా అలాంటి యాప్‌లు వాడుకోవచ్చని కూడా ఆ ఒప్పందంలో ఉంది. పాత అన్‌లిమిటెడ్ ప్లాన్‌వాళ్లకు ఆ వెసులుబాటు రాలేదు. ఆ షరతు అమెరికాలోని అన్ని కంపెనీలకూ, అన్ని బ్యాండ్లకూ వర్తించేది కాదు. అందుకే మీ ప్లాన్‌లో ఏముందో మీరే చదువుకోవాలి.

చదివేటప్పుడు హాట్‌స్పాట్ ఉందా అన్నదొక్కటే చూడకండి. ఎన్ని జీబీల వరకు పూర్తి వేగం, ఆ తర్వాత ఎంత వేగం అన్నది చూడండి. కోటా అయ్యాక కొన్ని ప్లాన్లలో 600 Kbps, ఇంకొన్నింటిలో 128 Kbps ఇస్తారు. 600 దగ్గర 1 జీబీ దిగడానికి మూడున్నర గంటలు దాటుతుంది, 128 దగ్గర 17 గంటలు పడుతుంది. మెయిల్‌కు సరిపోతుంది, జూమ్ క్లాసుకు 128 అసలు సరిపోదు. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ బాగా వచ్చి, లాప్‌టాప్‌లో ప్రతిసారీ ఈ అంకెల దగ్గరే ఆగుతోందంటే నెట్ చెడిపోలేదు, కోటా అయిపోయింది.

మీ ప్లాన్‌లో హాట్‌స్పాట్ ఉందని రాసి ఉండీ నెట్ రాకపోతే, బయట కొన్న ఫోన్లలో కారణం తరచుగా ఏపీఎన్. కంపెనీ సైట్‌లో ఇచ్చిన వివరాలతో పోల్చి చూడండి. ఆండ్రాయిడ్‌లో APN type గడిలో `dun` ఉండాలని వాళ్లు రాసి ఉంటే ఇలా చేర్చండి:

```
default,mms,supl,dun
```

ఐఫోన్‌లో Cellular Data Network పేజీ కింద Personal Hotspot అనే భాగం విడిగా ఉంటుంది, అక్కడి APN గడి ఖాళీగా ఉందేమో చూడండి. కొన్ని కంపెనీలు ఆ పేజీని అసలు చూపించవు. అలాంటప్పుడు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, మొబైల్ డేటా పనిచేస్తోందని, లాప్‌టాప్‌కు ఐపీ అడ్రస్ కూడా వస్తోందని ముందే చెప్పండి. లేదంటే ఫోన్ రీస్టార్ట్ చేయమనే దగ్గరే సమయం గడిచిపోతుంది. తర్వాత మీ లైన్‌కు హాట్‌స్పాట్ ఫీచర్ జోడించి ఉందో లేదో ఖాతాలో చూసి చెప్పమని అడగండి.