ఐడీ బ్లాక్, ఆగిన డబ్బు, తగ్గిన రేటు: డెలివరీ పార్ట్‌నర్ ఏది గట్టిగా అడగొచ్చు?

ప్రశ్న: "మాది హిందూపురం, బెంగళూరులో ఫుడ్ డెలివరీ చేస్తున్నా. పోయిన నెల రేట్ కార్డ్ తగ్గించారు. మొన్న ఐడీ బ్లాక్ చేశారు, ఆ వారం డబ్బులు కూడా ఆపేశారు. సపోర్ట్‌లో అడిగితే 'మీరు ఇండిపెండెంట్ పార్ట్‌నర్, టర్మ్స్ ఒప్పుకున్నారు' అంటున్నారు. ఇంక ఏమీ చేయలేమా అన్నా?"

చేయొచ్చు తమ్ముడూ. కానీ నీవి మూడు వేర్వేరు గొడవలు. సపోర్ట్ వాళ్లు మూడింటికీ ఒకే జవాబు చెప్పి పంపేశారు. ఆగిన డబ్బు విషయంలో నీ బలం అన్నిటికన్నా ఎక్కువ. ఐడీ విషయంలో కర్ణాటకలో ఇప్పుడు మంచి చట్టమే ఉంది. రేటు తగ్గింపు విషయంలో బలం తక్కువ, అక్కడ ఎంతవరకు అడగొచ్చో కింద చెప్తాను. నేను కూడా బెంగళూరులోనే బండి నడిపాను, ఐడీ పోగొట్టుకున్నాను, తర్వాత తోటి రైడర్లకు ఫిర్యాదులు రాసిపెడుతూ వచ్చాను. అందులో తెలుసుకున్నదే ఇది.

ముందు ఆ "ఇండిపెండెంట్" సంగతి. అగ్రిమెంట్‌లో ఆ మాట ఉండడం వల్ల నీకు పీఎఫ్, ఈఎస్ఐ, కనీస వేతనం, జీతంతో సెలవు లాంటివి కంపెనీ ఇవ్వదు. రేటు వాళ్లే పెట్టి, కస్టమర్‌ని వాళ్లే ఇచ్చి, రేటింగ్‌తో మనల్ని అదుపులో పెట్టుకుంటూ ఇండిపెండెంట్ అనడం అన్యాయమనే నేనూ అంటాను. అది పెద్ద కోర్టుల్లో నడిచే పోరాటం. యూనియన్ వాళ్లు 2021లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. రేపటికి నీ ఐడీ తెరిపించుకోవాలంటే మాత్రం ఆ వాదన మొదలుపెట్టకు. "నేను ఉద్యోగిని" అని రాసిన ఫిర్యాదుకి "కాదు" అని ఒక్క లైన్ జవాబు ఇచ్చి మూసేస్తారు. నువ్వు ఇండిపెండెంట్ అని ఒప్పుకున్నా సరే, వాళ్లు పాటించాల్సినవి చాలా ఉన్నాయి. వాటిని పట్టుకో.

అన్నిటికన్నా ముందు డబ్బు. పూర్తి చేసిన ఆర్డర్‌కి రావాల్సింది కంపెనీ నీకు పడ్డ బాకీ. ఐడీ మూసేసినంత మాత్రాన బాకీ పోదు. పెద్ద ఇంజనీరింగ్ కాంట్రాక్టర్‌ అయినా, మన లాంటి ఒంటరి మనిషి అయినా చేసిన పనికి డబ్బు అడిగే హక్కు ఒకటే. ఏదైనా ఆర్డర్‌లో మోసం జరిగిందని వాళ్లంటే ఆ ఆర్డర్ గురించి మాట్లాడాలి, వారం మొత్తం ఆపకూడదు. కర్ణాటక చట్టం ప్రకారం కనీసం వారానికోసారి చెల్లించాలి, ఏదైనా కోత పెడితే కారణం చెప్పాలి.

చిక్కంతా రుజువు దగ్గరే వస్తుంది. ఐడీ పోయాక యాప్ తెరుచుకోదు, ఎర్నింగ్స్ పేజీ కనబడదు. కాబట్టి యాప్‌లో ఇంకా ఏ పేజీ తెరుచుకుంటున్నా ఇవాళే స్క్రీన్‌షాట్ తీసుకో. అన్‌ఇన్‌స్టాల్ చేయకు. యాప్ మూసుకుపోయినా బయట కొంత దొరుకుతుంది: బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో పాత వారాల జమలు, ఫోన్‌లో కాల్ లాగ్, రెస్టారెంట్ దగ్గర తీసిన బిల్లు ఫోటోలు, గూగుల్ టైమ్‌లైన్ ఆన్‌లో ఉంటే ఆ రోజుల దారి. కంపెనీ నీ పాన్ మీద టీడీఎస్ కట్ చేసి ఉంటే ఆదాయపు పన్ను సైట్‌లో 26ఏఎస్ అనే పన్ను లెక్కల పత్రంలో వాళ్ల పేరుతో సహా కనబడుతుంది. కాంట్రాక్టర్ చెల్లింపుల కింద సాధారణంగా 1 శాతం పట్టుకుంటారు. నీకు ఎంత డబ్బు ఇచ్చారో వాళ్లే ప్రభుత్వానికి చెప్పిన లెక్క అది, కాదనలేరు.

ఇప్పుడు ఐడీ. కర్ణాటక 2025 మే నెలలో ఆర్డినెన్స్‌గా తెచ్చి, అదే ఏడాది సెప్టెంబర్‌లో గిగ్ కార్మికుల సామాజిక భద్రత, సంక్షేమ చట్టంగా అమల్లోకి తెచ్చింది. మీ ఊరు ఆంధ్రాలో ఉన్నా ఫర్వాలేదు, నువ్వు పని చేసేది బెంగళూరులో కాబట్టి అది నీకు వర్తిస్తుంది. అందులో నీకు పనికొచ్చేవి ఇవి. ఏయే కారణాల మీద ఐడీ తీసేస్తారో ఆ జాబితా అంతా అగ్రిమెంట్‌లోనే ఉండాలి. తీసేసే ముందు రాతపూర్వకంగా కారణం చెప్పాలి, 14 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు లేకుండా వెంటనే తీసేయడానికి మినహాయింపు ఉన్నది మనుషులకు దెబ్బ తగిలే ప్రమాదం ఉన్న కేసులకి. ఇక బాట్ కాకుండా మాట్లాడడానికి ఒక మనిషిని అందుబాటులో ఉంచాలి.

ఈ చట్టం రాకముందు నా ఐడీ పోయింది. ఆర్డర్ అందలేదని ఒక కస్టమర్ ఫిర్యాదు చేశాడు, నా దగ్గర గుమ్మం ముందు పెట్టిన ఫోటో ఉంది. హబ్‌కి వెళ్తే టీమ్ లీడర్ "పైనుంచి వచ్చింది, నా చేతిలో లేదు" అన్నాడు. చాట్‌లో ప్రతిసారీ అదే అచ్చు జవాబు. మెయిల్ రాసి వెంటపడితే ఆగిన డబ్బు వచ్చింది, ఐడీ మాత్రం రాలేదు. కారణం చెప్పమని అడగడానికి అప్పుడు ఏ ఆధారమూ లేదు.

మా రూమ్మేట్ విషయం ఆ తర్వాత జరిగింది. అతను తిరుపతి వెళ్లి గుండు చేయించుకుని వచ్చాడు. లాగిన్‌లో సెల్ఫీ మ్యాచ్ కాలేదు, రెండు మూడుసార్లు ప్రయత్నిస్తే ఐడీ బ్లాక్. సపోర్ట్‌లో "పాలసీ ఉల్లంఘన" అన్నారు తప్ప ఏ పాలసీ అని చెప్పలేదు. మేం చాట్ వదిలేసి, యాప్‌లో గ్రీవెన్స్ కింద ఇచ్చిన ఈమెయిల్‌కి ఇంగ్లీషులో చిన్న ఉత్తరం రాశాం. దాని సారాంశం ఇది:

"నా పార్ట్‌నర్ ఐడీ ఫలానా, ఫలానా తేదీ ఫలానా సమయం నుంచి బ్లాక్‌లో ఉంది. ఇది తాత్కాలికమా, శాశ్వతమా తెలపండి. అగ్రిమెంట్‌లోని ఏ కారణం కింద, ఏ సంఘటన మీద ఈ చర్య తీసుకున్నారో రాతపూర్వకంగా ఇవ్వండి. కర్ణాటక గిగ్ కార్మికుల చట్టం 2025 ప్రకారం 14 రోజుల నోటీసు నాకు రాలేదు. ఫలానా తేదీ వరకు పూర్తి చేసిన ఆర్డర్ల మొత్తం వెంటనే జమ చేయండి. నా కేసుని ఒక వ్యక్తి పరిశీలించాలని, అంతర్గత వివాద పరిష్కార కమిటీ ముందు పెట్టాలని కోరుతున్నాను."

ఆ "తాత్కాలికమా, శాశ్వతమా" అన్న ప్రశ్న వదలకు. కొన్ని కంపెనీలు తీసేశామని ఎక్కడా అనవు, "రివ్యూలో ఉంది" అంటూ వారాలు లాగుతాయి. తీసేశామని అనకపోతే నోటీసు నియమం తప్పించుకోవచ్చని వాళ్ల ఆలోచన. రాసి అడిగితే ఏదో ఒకటి రాసి ఇవ్వాల్సి వస్తుంది.

మా రూమ్మేట్ ఉత్తరానికి వచ్చిన జవాబులో అసలు కారణం బయటపడింది: "ఐడీ వేరొకరికి ఇచ్చారు." కారణం ఏంటో తెలియగానే పని సులువైంది. దర్శనం టికెట్ తేదీ, గుండుతో తీసుకున్న ఫోటో, ఆధార్, బ్లాక్ అయిన సాయంత్రం అదే ఏరియా పెట్రోల్ బంకులో అతని యూపీఐతో కట్టిన రసీదు జతచేసి, వీడియో కాల్‌లో ముఖం చూసి సరిపోల్చుకోమని అడిగాం. వీడియో వెరిఫికేషన్ చేశారు, ఐడీ తెరిచారు. నీ విషయంలోనూ ముందు కారణం రాబట్టు, సంజాయిషీ తర్వాత. కారణం తెలియకుండా పేజీలకు పేజీలు రాస్తే వాళ్లు అడగని దానికి జవాబు చెప్పినట్టు అవుతుంది.

కంపెనీ కమిటీ దగ్గర తేలకపోతే కార్మిక శాఖ నియమించిన ఫిర్యాదుల అధికారికి నేరుగా గానీ పోర్టల్‌లో గానీ పిటిషన్ పెట్టొచ్చు. అప్పుడు పై ఉత్తరం, దానికి వచ్చిన జవాబు, రాకపోతే రాలేదన్న విషయం, ఇవే నీ ఫైలు. అందుకే ఫోన్‌లో మాట్లాడినా సాయంత్రం "ఇవాళ మీ వాళ్లు ఇలా చెప్పారు" అని ఒక మెయిల్ పెట్టు. గొడవ వస్తే కోర్టుకి కాకుండా ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే ఆర్బిట్రేషన్ క్లాజ్ అగ్రిమెంట్‌లో చూపించి భయపెడితే టెన్షన్ పడకు. ఆర్బిట్రేటర్‌ని కంపెనీ ఒక్కటే నియమిస్తానంటే చెల్లదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. అయినా మన బాకీలకి ఆ దారి ఖర్చు ఎక్కువ, నువ్వు దాన్ని ఎంచుకోకు.

రేట్ కార్డ్ గురించి ఉన్నమాట చెప్తాను. "రేట్లు ఎప్పటికప్పుడు మారవచ్చు, యాప్‌లో చూపినదే వర్తిస్తుంది" అని అగ్రిమెంట్‌లో ముందే రాసుకుంటారు. కొత్త కార్డ్ వచ్చాక నువ్వు లాగిన్ అయి ఆర్డర్ తీసుకుంటే ఒప్పుకున్నట్టే అంటారు. కర్ణాటక చట్టం ఇక్కడ ఇచ్చింది నోటీసు మాత్రమే: షరతులు మార్చే ముందు కనీసం 14 రోజుల ముందు చెప్పాలి, నచ్చకపోతే అప్పటివరకు నీకు రావాల్సినవి పోకుండా మానేయొచ్చు. పాత రేటే ఇవ్వమని పట్టుబట్టే హక్కు అందులో లేదు. అది ఈ చట్టంలో పెద్ద లోటు, నాకు బాధ కలిగించేది కూడా అదే.

అయినా అడగడానికి మిగిలేవి రెండున్నాయి. ముందు తగ్గింపు ఎక్కడ దాక్కుందో చూడు. లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ. పాత కార్డులో కిలోమీటరుకి 8 రూపాయలు, రెస్టారెంట్‌కి వెళ్లే 2 కిలోమీటర్లు, కస్టమర్ దగ్గరికి 4, కలిపి 48 వచ్చేది అనుకో. కొత్త కార్డులో "రేటు పెంచాం, 9 రూపాయలు" అంటారు, కానీ డ్రాప్ దూరం మాత్రమే లెక్కేస్తారు. అప్పుడు వచ్చేది 36. రేటు పెరిగినట్టు కనిపిస్తుంది, ఆర్డర్ మీద 12 పోతుంది. ఇలాంటి మార్పుకి 14 రోజుల ముందు నోటీసు వచ్చిందా? రాకపోతే మార్పు తేదీ నుంచి తేడా మొత్తం లెక్కగట్టి రాసి అడుగు. రెండోది ఇన్సెంటివ్. సోమవారం టార్గెట్ చూపించి, నువ్వు దాన్ని నమ్మి నడిపాక గురువారం టార్గెట్ పెంచితే, ఆ వారానికి పాత టార్గెట్టే వర్తించాలని గట్టిగా అడగొచ్చు. సోమవారం స్క్రీన్‌షాట్ ఉన్నవాళ్లకే అది వచ్చింది, నేను చూసినంతలో.

కేంద్రం తెచ్చిన సామాజిక భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది కదా, అదేమైనా సాయపడుతుందా అని చాలామంది అడుగుతున్నారు. అది గిగ్ వర్కర్‌ని చట్టంలో గుర్తించింది, కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలంది. ఐడీ బ్లాక్‌నీ రేట్లనీ అది ముట్టుకోదు. eshram.gov.in లో ప్లాట్‌ఫామ్ వర్కర్‌గా నమోదు చేసుకో, అది బీమా లాంటి వాటికి పనికొస్తుంది. హైదరాబాద్‌లో నడిపేవాళ్లు ఈ జవాబు చదువుతుంటే, పైన చెప్పిన 14 రోజుల నోటీసు కర్ణాటక చట్టంలోది, దాన్ని అక్కడి ఫిర్యాదులో రాయొద్దు. బాకీ గురించి, రుజువుల గురించి చెప్పింది మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

ఇంకొకటి. ఐడీ తిరిగి తెరుచుకున్నాక మొదటి లాగిన్‌లో చాలాసార్లు కొత్త టర్మ్స్ పేజీ వస్తుంది. ఆర్డర్ ఆత్రంలో ఒప్పుకునే బటన్ నొక్కేయకుండా, ముందు ఆ పేజీ మొత్తం స్క్రీన్ రికార్డింగ్ పెట్టి మెల్లగా కిందికి జరుపు. పాత బాకీలు వదులుకున్నట్టు ఎక్కడైనా లైను ఉంటే నొక్కకుండా అదే మెయిల్‌కి "పాత మొత్తం మీద నా క్లెయిమ్ అలాగే ఉంది" అని రాసి, పంపిన తర్వాతే లాగిన్ అవ్వు.