డిసెంబరు 20 తర్వాత ఏ యూనివర్సిటీ?

బ్రహ్మోత్సవాలకని తిరుపతి వచ్చాను. బైరాగిపట్టెడలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే అన్న ఒక ఫైలు పట్టుకొని పొద్దున్నే వచ్చాడు. కొడుకు ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లాడు. రెండు నెలలు తిరగకముందే యూనివర్సిటీ మారతానంటున్నాడట. "అక్కడికి పోయినాక మార్చుకోవచ్చని కన్సల్టెన్సీ వాళ్లు ముందే చెప్పినారు కదా, మరి ఇప్పుడు టెన్షన్ ఎందుకు?" అని అన్న అడిగాడు.

మార్చుకోవచ్చన్న మాట అబద్ధం కాదు. కాకపోతే దానికయ్యే ఖర్చు ఎవరూ చెప్పరు. ఉదయం ఎనిమిదింటికి పిల్లవాడికి ఫోన్ చేశాం, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. వాడి లెక్క వాడి దగ్గర రెడీగా ఉంది. "చిన్నాన్నా, ఇక్కడ క్రెడిట్‌కి 1,100 డాలర్లు. ఆ యూనివర్సిటీలో 650. రెండుచోట్లా డిగ్రీకి 30 క్రెడిట్లే. ఈ సెమిస్టర్‌తో 9 అయిపోతాయి, మిగిలేవి 21. మారితే 9,450 డాలర్లు మిగులుతాయి. అడ్మిషన్ కూడా వచ్చేసింది."

గుణకారం సరిగ్గానే ఉంది. కానీ చదివిన 9 క్రెడిట్లనూ కొత్తవాళ్లు ఒప్పుకుంటారని వాడే అనుకున్నాడు, వాళ్లనెవరూ అడగలేదు. మాస్టర్స్‌లో చాలాచోట్ల బయటి క్రెడిట్లు 6 నుంచి 9 దాకానే తీసుకుంటారు. అది కూడా గరిష్ఠమే, హామీ కాదు. సబ్జెక్టు వాళ్ల డిగ్రీలో ఉన్న ఏదో ఒక దానితో సరిపోలాలి, గ్రేడ్ సాధారణంగా బి కానీ అంతకన్నా మంచిది కానీ ఉండాలి. అడ్మిషన్ లెటర్‌లో ఈ సంగతి ఏమీ ఉండదు. మూడు సబ్జెక్టుల సిలబస్‌లు ఆ డిపార్ట్‌మెంట్‌కి పంపి, ఏవి చెల్లుతాయో రాతపూర్వకంగా తెప్పించుకోమన్నాను.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. అల్గారిథమ్స్ మాత్రం, బి వస్తే, చెల్లుతుంది. ఇంకొక సబ్జెక్టుకు వాళ్ల డిగ్రీలో జోడీ లేదు. మూడోది వాళ్ల దగ్గర బీటెక్ స్థాయి పాఠం. అంటే 9లో చెల్లేవి 3.

మళ్లీ కూర్చున్నాం, ఈసారి పెన్ను అన్న చేతిలో ఉంది. పాతచోట మిగిలిన 21 క్రెడిట్లకు 23,100 డాలర్లు. కొత్తచోట 27 చదవాలి, 17,550. తేడా 5,550. కానీ 21 క్రెడిట్లు 12, 9గా రెండు సెమిస్టర్లలో అయిపోతాయి, 27కి మూడు కావాలి. ఆ ఒక్క సెమిస్టర్‌కి నెలకు 900 చొప్పున ఐదు నెలల గది, తిండి 4,500. మిగిలింది 1,050. అందులోంచి ఇల్లు మారే ఖర్చు, పోయే అడ్వాన్సు, అప్లికేషన్ ఫీజు తీసేస్తే రెండు మూడు వందలు కూడా నిలవవు. ఉద్యోగం ఒక సెమిస్టర్ వెనక్కి పోవడం ఇందులో కలపనేలేదు. అన్న పెన్ను కింద పెట్టేశాడు.

"డబ్బు సంగతి వదిలెయ్ చిన్నాన్నా," అన్నాడు పిల్లవాడు కాసేపటికి. "నాకు కావలసిన మెషీన్ లెర్నింగ్ సబ్జెక్టులు ఇక్కడ వచ్చే రెండు సెమిస్టర్లలోనూ పెట్టడం లేదు." నాకు ఇది న్యాయమైన కారణంగా తోచింది. అదే యూనివర్సిటీలో డేటా సైన్స్ ప్రోగ్రాంకి మారితే, వీసాకు ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే పత్రంలో కోర్సు వివరాలు మారతాయంతే, క్రెడిట్లూ చాలావరకు నిలుస్తాయి. ముందు అదే అడగమన్నాను. అడిగాడు, ఆ ప్రోగ్రాం అక్కడ లేదు. ఇంక మారడమే అనుకున్నాం.

అప్పుడు మొదలైంది అసలు పని. వీసా సంగతి మొత్తం రిలీజ్ డేట్ అనే ఒక్క తేదీ మీద తిరుగుతుంది. పాత యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్ఓ, అమెరికా ప్రభుత్వ డేటాబేస్ అయిన సెవిస్‌లోని మన రికార్డును కొత్తవాళ్లకు వదిలే రోజు అది. ఆ రోజు దాకా మనసు మార్చుకుంటే రద్దు చేయించుకోవచ్చు. దాటితే రికార్డు కొత్తవాళ్ల చేతిలోకి పోతుంది, పాతవాళ్లు ఇక ముట్టుకోలేరు.

సెమిస్టర్ మధ్యలో ఆ తేదీ పెట్టించుకోకూడదు. కట్టిన ఫీజులో తిరిగొచ్చే వాటా మొదటి వారాల్లోనే వారం వారం తగ్గి సున్నా అవుతుంది. అక్టోబరులో వదిలేస్తే చేతికి ఏమీ రాదు. పైగా డీఎస్ఓ అనుమతి లేకుండా ఫుల్ టైం లోడ్ కంటే, మాస్టర్స్‌లో మామూలుగా 9 క్రెడిట్ల కంటే, కిందికి దిగితే విద్యార్థిగా అక్కడ ఉండే స్టేటస్ పోతుంది. కాబట్టి పరీక్షలు రాసి, గ్రేడ్లు పడ్డాక, డిసెంబరు 20 అనుకున్నాం.

వాడు క్యాంపస్ డైనింగ్ హాల్‌లో పని చేస్తున్నాడు. సెలవుల్లో ఎక్కువ గంటలు దొరుకుతాయని జనవరి దాకా షిఫ్టులు రాయించుకున్నాడు. అవన్నీ తీయించమన్నాను. పాత క్యాంపస్‌లో పని చేసే హక్కు రిలీజ్ డేట్‌తో ముగిసిపోతుంది, 21న ఒక్క షిఫ్ట్ చేసినా అనుమతి లేని ఉద్యోగమే. దాన్ని అప్పుడు ఎవరూ పట్టించుకోకపోవచ్చు. తర్వాత హెచ్-1బీ సమయంలో పాత ఐ-20లు, జీతం కాగితాలు అడిగినప్పుడు ఆ తేదీలు పక్కపక్కన కనబడతాయి. నాతో చదివినవాడొకడు అలాంటి మూడు షిఫ్టులకు లాయర్ల చుట్టూ తిరిగాడు.

సంక్రాంతికి వస్తానని టికెట్ కూడా చూసుకున్నాడు. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. రిలీజ్ డేట్ దాటాక పాత ఐ-20తో తిరిగి అమెరికాలో దిగలేరు. కొత్తవాళ్లు ఆ తేదీ వచ్చేదాకా తమ ఐ-20 తయారు చేయలేరు. డిసెంబరు 20 దాటితే క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవులకు చాలా ఆఫీసులు మూసేస్తారు. వాడు తిరుపతిలో కూర్చొని జనవరి మొదటి వారందాకా ఆ కాగితం కోసం ఎదురు చూడాలి, అక్కడేమో రెండో వారంలో క్లాసులు. పాస్‌పోర్టులోని వీసా మీద పాత యూనివర్సిటీ పేరున్నా ఇబ్బంది లేదు. గడువుండి, సెవిస్ నంబర్ అదే ఉంటే అది చెల్లుతుంది. 350 డాలర్ల సెవిస్ ఫీజు కూడా మళ్లీ కట్టక్కర్లేదు. అడ్డుపడేది కొత్త ఐ-20 ఒక్కటే.

అది చేతికొచ్చాక, దాని మీదున్న ప్రోగ్రాం మొదలయ్యే తేదీ నుంచి 15 రోజుల్లోపు కొత్త డీఎస్ఓకి రిపోర్ట్ చేయాలి. అప్పుడు వాళ్లు ట్రాన్స్‌ఫర్ పెండింగ్ అన్న మాట తీసి ఇంకో ఐ-20 ఇస్తారు. అది వచ్చిందో లేదో అడిగి మరీ చూసుకోవాలి.

అన్నకు పడ్డ పని బ్యాంకు. ఇల్లు తాకట్టు పెట్టి తీసిన లోన్ పాత యూనివర్సిటీ పేరు మీద మంజూరైంది. కొత్తవాళ్లు ఐ-20 ఇవ్వడానికి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపమంటారు, ఆ లెటర్‌లో వాళ్ల పేరుండాలి. కోర్సు ముగిసే తేదీ కూడా మారుతోంది, అది సవరించకపోతే ఈఎంఐ వాడికి ఉద్యోగం రాకముందే మొదలవుతుంది. డిసెంబరు దాకా ఆగకుండా ఈ వారమే బ్రాంచ్‌కి వెళ్లమన్నాను, సహ రుణగ్రహీత సంతకం ఎలాగూ కావాలి.

ఒక సంగతి ఇప్పుడు వెళ్తున్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2025 ఆగస్టులో అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ, మాస్టర్స్ విద్యార్థులు మధ్యలో ప్రోగ్రాం మారకుండా కట్టడి చేసే ప్రతిపాదన ప్రకటించింది. కాబట్టి మారాలనుకున్న రోజున ఏ నియమం అమల్లో ఉందో డీఎస్ఓని అడిగాకే కొత్తచోట అప్లై చేయండి. ఎక్కడికి మారాలనుకున్నా, దిగగానే వీసాలో ఉన్న యూనివర్సిటీకి వెళ్లి రిజిస్టర్ కావాల్సిందే. ప్రోగ్రాం తేదీ నుంచి 30 రోజుల్లో వాళ్లు సెవిస్‌లో నమోదు చేయకపోతే రికార్డు రద్దయ్యే దాకా పోతుంది.

పిల్లవాడు సంక్రాంతి టికెట్ వదిలేశాడు. స్ప్రింగ్ పరీక్షలయ్యాక, కొత్త ఐ-20 రెండో పేజీలో ప్రయాణ సంతకం పెట్టించుకొని మే నెలలో గంగజాతరకు వస్తానని వాళ్లమ్మకు చెప్పాడు.