ముసురులో ములుగు దాకా కేకు

బిడ్డా,

శ్రావణంలో ములుగు ఫంక్షన్ హాల్‌కు రెండు కిలోల కేకు ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో నాకు తోడు ఇంకొక చెయ్యి దొరికిందని సంబరపడ్డాను. ఆ వెంటనే విప్ క్రీమ్‌తో చేస్తున్నావని విని టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

స్పాంజి సంగతి నీకు చెప్పక్కర్లేదు. పూర్తిగా చల్లారాకే క్రీమ్ పెట్టు. మధ్యలో పండ్ల ముక్కలు వేయకు, నీరు వదులుతాయి. జామ్ చాలు.

ఇక అసలు విషయం. నీ చిన్నప్పుడు ఒకసారి విప్ క్రీమ్ కేకు చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. మీ బాపే హాల్‌కు తీసుకుపోయాడు. బయట సన్నగా ముసురు. లోపల ఉడికిపోతుందేమోనని పాపం దారిలోనే డబ్బా మూత తీశాడట, హాల్‌లో తెరిచి ఫ్యాన్ కింద పెట్టాడట. నేను పోయేసరికి క్రీమ్ మీద చెమట పట్టినట్టు సన్నటి బొట్లు. ఎర్ర గులాబీల రంగు తెల్ల క్రీమ్ మీదికి గీతలుగా జారింది. అంచున పూలు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. మీ బాపు ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆయన్ని ఏమని అంటాం, కేకు బాగుండాలనే కదా గాలి తగలనిచ్చింది!

ఆ నీళ్లు క్రీమ్‌లోంచి వచ్చినవి కావు. చల్లనీళ్ల స్టీలు గ్లాసు బయట తడి పట్టినట్టే, గాలిలోని తేమ చల్లటి కేకు మీద నీరైంది. క్రీమ్‌లోని చక్కెర ఆ నీటిలో కరిగి జిగటైంది, రంగు పారింది. దీనికి ఉపాయం ఒకటే. మూత తీయకుండా, కేకు బయటి వేడికి వచ్చేదాకా ఆగాలి. అప్పుడు తడి డబ్బా మీద పడుతుంది, కేకు మీద కాదు. కానీ విప్ క్రీమ్‌కు చల్లదనమే బలం. అట్లా ఆగితే అదే కుంగిపోతుంది, పాల క్రీమ్ అయితే పాడవుతుంది కూడా. ఏసీ లేని హాల్‌కు అది వద్దని అందుకే అంటున్నాను. ఇంట్లో కోసి వెంటనే తినే కేకుకు చేసుకో.

దీనికి బటర్‌క్రీమ్ చెయ్. వెన్న ఒక్కటే వేస్తే 30 డిగ్రీల దగ్గర జారుతుంది. 300 గ్రాముల ఉప్పులేని వెన్నకు 200 గ్రాముల తెల్ల బేకరీ షార్టెనింగ్ కలుపు. అది మరికాస్త వేడిని తట్టుకుంటుంది. అంతకంటే మరీ ఎక్కువ వేస్తే నోట్లో మైనంలా అంటుకుంటుంది. వెన్న మీద వేలు నొక్కితే గుంట పడాలి, నూనె మెరుపు మాత్రం రాకూడదు. రెండూ కలిపి తెల్లబడి తేలికయ్యేదాకా గిలక్కొట్టు. తర్వాత జల్లించిన ఐసింగ్ షుగర్ కిలో, కొంచెం కొంచెంగా వెయ్యి. ఇంట్లో మిక్సీ పట్టిన చక్కెర పలుకులు పలుకులుగా తగులుతుంది, అది వద్దు. వానాకాలం పాలు చెంచా చెంచాగానే పోయాలి, రెండు చెంచాలు దాటొద్దు.

క్రీమ్ మెరుస్తూ గిన్నె అంచున జారితే చక్కెర కుమ్మరించకు. అది వేడెక్కింది, అంతే. పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ కొట్టు. కేకుకు పెట్టేముందు ఒక పువ్వు పళ్లెంలో పిండి, ఏసీ లేని గదిలో గంట ఉంచు. అంచులు మొద్దుబారితే షార్టెనింగ్ ఇంకో 50 గ్రాములు కలుపు.

తయారైన కేకును రాత్రి డబ్బాతోనే ఫ్రిజ్‌లో పెట్టు. అట్టపెట్టె తేమ పీలుస్తుంది కాబట్టి పైన పాలిథిన్ కవరు బిగించి చుట్టు. పొద్దున కారు ఏసీలో, కాళ్ల దగ్గర చదునుగా పెట్టి తీసుకుపో. వానలో బండి మీద మాత్రం పోవద్దు బిడ్డా, కేకు కోసమే కాదు నీ కోసం కూడా చెప్తున్నా. కారు కిరాయి పార్టీ వాళ్లనే ఇవ్వమను, మొహమాటపడకు.

హాల్‌లో పిల్లలు చూపించమని వెంటపడతారు, తెరవకు. కవరు మీద తడి ఆరి, అరచేయి పెడితే చల్లగా తగలనప్పుడే విప్పు. రెండు కిలోలకు గంటన్నర, రెండు గంటలు పట్టొచ్చు. అందుకే కోసే టైమ్ ముందే అడిగి, దానికి తగ్గట్టు బయల్దేరు. బయల్దేరేటప్పుడు నాకొక ఫోన్ చెయ్.

నీ
మేనత్త