బావ ఎగదోస్తే అనేసిన మాట

"నాకు 24 ఏళ్లు. సాయంత్రాలు టీకొట్టు దగ్గర ఐదుగురం చేరతాం. మా మేనత్త కొడుకు, నాకు బావ, అతనూ వస్తాడు. వాళ్లంతా ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే నేను నవ్వి ఊరుకుంటాను. 'నోట్లో నాలుక లేదా, నువ్వూ ఒకటి అను' అని బావ పొడుస్తుంటాడు. మొన్న అతని పోరు పడలేక ఒక స్నేహితుడి బట్టతల మీద ఒక మాట అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ స్నేహితుడు అప్పటి నుంచి నాతో ముభావంగా ఉంటున్నాడు. నలుగురిలో పేలే మాటలు నేర్చుకోవడం ఎలా?"

పేలే మాటలు నేర్చుకోవద్దు. ముందు మీ బావ సంగతి చూడండి.

వరసైనవాడు కనుక అతను మిమ్మల్ని ఏమన్నా ఇంట్లో ఎవరూ తప్పుపట్టరు. ఆ చనువు మీ ఇద్దరి మధ్యనే చెల్లుతుంది. తన వేడుక కోసం మీ నోటితో మూడో మనిషిని అనిపించే హక్కు ఏ వరసా ఇవ్వదు. ఇంటి దగ్గర, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి: "బావా, నన్ను ఎన్నయినా అను, పడతాను. నా చేత ఇంకొకరిని అనిపించకు." పెద్దవాడని మొహమాటపడకండి. స్నేహితుడి మనసు నొప్పించడం కన్నా బావకు కాస్త కోపం రావడం నయం.

గలగలా మాట్లాడేవాడు ఒక మాట తూలినా అది మిగతా మాటల్లో కొట్టుకుపోతుంది. ఎప్పుడో గాని నోరు విప్పని మీరు అంటే, ఇన్నాళ్లూ వీడి మనసులో ఇదే ఉందా అనిపిస్తుంది. పైగా బట్టతల అతని చేతిలో లేనిది. ఒంటి రంగు, కుదరని పెళ్లి, ఇంటి పరిస్థితులు కూడా అలాంటివే. మిగతావాళ్లు వాటి మీద మాట్లాడుకున్నా మీరు వాటి జోలికి పోకండి.

ఎవరినీ అనకుండా కబుర్లలో కలవవచ్చు. ఒకడు బండి పంక్చరై ఆలస్యంగా వచ్చాడనుకుందాం. "తోసుకు తిరగడానికే కొన్నావా?" అని ఇంకొకడు అంటాడు. మీరు "వారం రోజులు వీడు కనిపించకపోతే పంక్చర్ షాపాయన బెంగ పెట్టుకుంటాడు" అనండి. నవ్వు షాపాయన బెంగ మీదకు మళ్లుతుంది, ఆలస్యంగా వచ్చినవాడూ నవ్వుతాడు. బిడియస్తులు వాక్యాన్ని లోలోపల చెక్కుకునేలోపు విషయం మారిపోతుంది. అందుకే పొట్టి మాట చాలు. "తర్వాత ఏమైంది?" అన్నా చెప్పేవాడికి ఊపు వస్తుంది. బుర్రకథ చెప్పేవాడికి పక్కన వంతలు లేకపోతే కథ నడవదు కదా! అనిపించుకున్నవాడు తిరిగి ఒకటి అంటే సరదా సాగుతున్నట్టే. చూపు దించుకుని ఫోనులోకో టీగ్లాసులోకో చూస్తుంటే, ఆ క్షణంలో మాట మార్చండి. అక్కడ మీలాంటివాడే అవసరం.

ఇక ఆ స్నేహితుడు. టీకొట్టు దగ్గర, అందరి ముందు, నవ్వులాటగా క్షమాపణ అడగకండి. విడిగా కలిసి, "ఆ రోజు నేను అలా అనకూడదు, తప్పు నాదే" అనండి. బావ అనమన్నాడని మాత్రం చెప్పకండి. అన్నది మీరే.