ఇంజక్షన్‌తో 12 కిలోలు తగ్గాను, నేల మీంచి మాత్రం లేవలేకపోతున్నాను

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 44 ఏళ్లు. మాది సోంపేట దగ్గర పల్లె. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు ఉండేదాన్ని. విశాఖలో డాక్టర్ గారు రాస్తే నాలుగు నెలలుగా వారానికోసారి సెమాగ్లుటైడ్ ఇంజక్షన్ తీసుకుంటున్నాను. మూడు వారాల క్రితం డోసు 1.7కి పెంచారు. ఇప్పుడు 80 కిలోలు. పొద్దున గ్లాసుడు చోడి అంబలి, మధ్యాహ్నం నాలుగు ముద్దలు పప్పన్నం, సాయంత్రం టీ, నాలుగు జీడిపప్పులు, రాత్రి కాస్త పెరుగన్నం. అంతకు మించితే వికారం. విరేచనం మూడు రోజులకోసారి. కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేను. ప్రొటీన్ తినమంటున్నారు గానీ, మా వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ కదా, అది తింటే కిడ్నీలు పాడవుతాయని ఇంట్లో భయపెడుతున్నారు. బీపీ మాత్ర కూడా వేసుకుంటాను. ఇంజక్షన్ మానేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మానేయక్కర్లేదు. కాకపోతే వేగం తగ్గించాలి. ఈ మందు మీద జరిగిన పెద్ద పరిశోధనలో, 2.4 మిల్లీగ్రాముల పూర్తి డోసు తీసుకున్నవారు 68 వారాలకు సగటున 15 శాతం బరువు తగ్గారు. మీరు 16 వారాలకే 13 శాతం తగ్గారు. ఇంట్లో అందరూ మెచ్చుకునే ఉంటారు. నాకు మాత్రం కాస్త టెన్షన్‌గానే ఉంది, ఎందుకంటే తగ్గిందంతా కొవ్వు కాదు. అదే పరిశోధనలో కొందరికి స్కాన్ చేసి చూస్తే, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కానిది. అందులో నీరు, ఇతర కణజాలం కూడా ఉంటాయి గానీ కండ వాటా తక్కువేం కాదు. ఆ లెక్కన మీ 12 కిలోల్లో నాలుగైదు కిలోలు కొవ్వు కాకపోవచ్చు. నేల మీంచి లేవడానికి చెయ్యి కావాల్సి రావడం దానికి గుర్తే.

మీరు రాసిన తిండిని లెక్క వేశాను. అంబలిలో రెండు గ్రాముల ప్రొటీన్, పప్పన్నంలో ఐదారు, పెరుగన్నంలో నాలుగైదు, టీ, జీడిపప్పు కలిపి రెండు. మొత్తం 15 గ్రాములకు అటూ ఇటూ. చోడి అంబలి మంచిదే, కాల్షియం బాగా ఉంటుంది, కానీ కండకు కావలసిన సరుకు అందులో తక్కువ. పలాస జీడిపప్పు పది పలుకులు తిన్నా వచ్చేది మూడు గ్రాములే, పైగా దానిలోని కొవ్వు పొట్టను ఇంకా నిదానం చేస్తుంది.

మీకు ఎంత కావాలి? ఇప్పటి బరువుతో కాకుండా, మీ ఎత్తుకు తగిన బరువుతో లెక్క కడతాం. అది సుమారు 56 కిలోలు. కిడ్నీలు బాగుంటే, బరువు తగ్గే రోజుల్లో కిలోకు 1.2 గ్రాములు, అంటే రోజుకు 65 నుంచి 70 గ్రాములు. కిడ్నీ పనితీరు తగ్గినవారికి సాధారణంగా కిలోకు 0.8 గ్రాముల దగ్గర ఉంచుతాం. అదైనా 45 గ్రాములు అవుతుంది. అంటే కిడ్నీ రోగికి చెప్పే పథ్యంలో మూడో వంతే మీరు తింటున్నారు. కిడ్నీ భయంతో 15 గ్రాముల దగ్గర ఆగిపోవడంలో అర్థం లేదు.

అలాగని మీ ఇంట్లోవాళ్ల భయాన్ని కొట్టిపారేయను. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుకు ముందుగా కాళ్ల వాపు, మూత్రంలో నురగ కనిపించకపోవచ్చు. అందుకే తిండి పెంచే ముందు సీరం క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్ష చేయించుకోండి. ఇక్కడొక చిక్కుంది. క్రియాటినిన్ కండ నుంచి తయారవుతుంది. కండ తగ్గితే ఆ అంకె కూడా తగ్గి, కిడ్నీ ఉన్నదానికన్నా బాగున్నట్టు చూపిస్తుంది. రిపోర్టు నార్మల్ అని వచ్చినా, కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సి అనే రక్త పరీక్ష కూడా చేయించమని డాక్టర్‌ని అడగండి. తేడా ఉంటే పలాస కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే. అక్కడ చూపించుకున్నాకే ప్రొటీన్ ఎంతన్నది తేల్చుకోవాలి. పొడి డబ్బాలు అప్పటిదాకా వద్దు.

రిపోర్టులు బాగుంటే తిండి ఇలా మార్చండి. పొద్దున అంబలి కన్నా ముందు రెండు ఉడికించిన గుడ్లు, 12 గ్రాములు. పదకొండింటికి గ్లాసు పాలు, ఆరు. మధ్యాహ్నం అరచేతి మందాన పచ్చి చేప ముక్క, సుమారు 100 గ్రాములు, పులుసులో నూనె తగ్గించి. దానిలో 18 నుంచి 20 వస్తాయి. ఎండు నెత్తళ్లు వద్దు, మీకు బీపీ ఉంది, వాటిలో ఉప్పు ఎక్కువ. దానితో చిన్న గిన్నెడు గట్టి పప్పు, ఆరేడు. రాత్రి గుప్పెడు మీల్‌మేకర్ కూర, ఎండువి 25 గ్రాములు వండితే 13. పెరుగు చిన్న గిన్నె, నాలుగైదు. మొత్తం 60 దాటుతుంది. ఒక్కసారిగా కాదు, పది రోజుల్లో మెల్లగా పెంచండి. పళ్లెంలో ముందు గుడ్డో చేపో తినండి, అన్నం ఆఖరున. మందు వల్ల పొట్ట ఖాళీ కావడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి అన్నంతో మొదలుపెడితే చేప దాకా రాకముందే కడుపు నిండిపోతుంది.

ఇంత తినాలంటే వికారం తగ్గాలి. డోసు పెంచిన మొదటి వారాల్లో అది ఎక్కువ ఉంటుంది, చాలామందికి సర్దుకుంటుంది. మీకు మూడు వారాలైనా నాలుగు ముద్దల దగ్గరే ఆగింది. మీ డాక్టర్‌కి ఫోన్ చేసి, పై డోసుకు వెళ్లకుండా తిరిగి 1.0కి దించడం గురించి అడగండి. నా ఓటు దానికే. మీ అంతట మీరు మానేస్తే పోయిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది, అదీ కండగా కన్నా కొవ్వుగానే ఎక్కువ.

మలబద్ధకానికి నీళ్లే మొదటి మందు. ఆకలితో పాటు దాహం కూడా తగ్గుతుంది, గుర్తుపెట్టుకుని గుక్కగుక్కగా తాగాలి. నీళ్లు సరిపోకుండా ఇసబ్‌గోల్ వేసుకుంటే ఇంకా గట్టిపడుతుంది. వారం చూసి తగ్గకపోతే లాక్టులోజ్ రాయించుకోండి.

కండ నిలవాలంటే తిండితో పాటు దానికి పని కూడా చెప్పాలి. నడక చాలదు. వారానికి మూడు రోజులు, చేతులు కట్టుకుని కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి, మధ్యలో ఆగి మూడు విడతలు. ఇదే మీ పరీక్ష కూడా. నెలకోసారి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. 12 దాటితే కాళ్లలో బలం తగ్గినట్టు. కండ శాతం చూపించే ఎలక్ట్రానిక్ బరువు యంత్రాలను నమ్మకండి, ఒంట్లో నీటిని బట్టి అవి రోజుకో మాట చెబుతాయి.

బరువు తగ్గాక పాత బీపీ మాత్ర ఎక్కువై, లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు. అందులో మూత్రం ఎక్కువ పోయే మందు కలిసి ఉందేమో చీటీ చూపించి అడగండి. రోజంతా వాంతులై నీళ్లు నిలవకపోయినా, మూత్రం తగ్గినా, తర్వాతి ఇంజక్షన్ వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, సెలైన్ పెట్టి క్రియాటినిన్ చూస్తారు. ఆ సమయంలో ఒళ్లు నొప్పులని ఊళ్లో డైక్లోఫెనాక్ ఇంజక్షన్ మాత్రం చేయించుకోవద్దు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది కిడ్నీని నేరుగా దెబ్బ కొడుతుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపుకు పాకే తీవ్రమైన నొప్పి, పచ్చకామెర్లు, జ్వరంతో కుడి డొక్కలో నొప్పి ఉన్నా ఆగకండి. పాంక్రియాస్ వాపు, పిత్తాశయంలో రాళ్లు ఈ మందుతో అరుదుగానైనా వస్తాయి. వేగంగా తగ్గేవారిలో రాళ్లు ఇంకాస్త ఎక్కువ.