ఏటీఎంలో రాని పదివేలు: ఫిర్యాదు ఉత్తరం తిరగరాయడం గురించి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. బ్యాంకుకు ఇవ్వాలనుకున్న ఉత్తరం రెండు రకాలుగా రాసి పంపావు. మొదటిది కోపంలో రాసింది, రెండోది ఆ కోపం తగ్గించి మర్యాదగా చేశాననుకుంటున్నది. రెండూ ఇవ్వొద్దు. మొదటి దానిలో మాట కటువుగా ఉంది కానీ జరిగింది జరిగినట్టు ఉంది. రెండో దానిలో మాట మెత్తబడింది, దాంతోపాటు జరిగింది కూడా మారిపోయింది. కాబట్టి మొదటిదాన్నే ముందు పెట్టుకుని దిద్దుదాం.

నువ్వు రాసింది ఇది:

‘జూన్ 8 శనివారం సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో బస్టాండ్ ఎదురుగా ఉన్న ఏటీఎంలో పదివేలు తీద్దామంటే ఒక్క నోటూ రాలేదు. 7:42కి మాత్రం పదివేలు కట్ అయినట్టు మెసేజ్ వచ్చేసింది. ఇది దోపిడీ కాకపోతే ఏమిటి? 10న బ్యాంకుకొస్తే నాలుగు రోజులాగండి, అదే వస్తుంది అన్నారు. 18న మళ్లీ వస్తే కౌంటర్లో మనిషి తలెత్తి చూడకుండా అది వేరే బ్యాంకు ఏటీఎం, మాకు సంబంధం లేదు అని కసిరాడు. నెల రోజులుగా నన్ను కుక్కలా తిప్పుతున్నారు. ఆ డబ్బు లేక 10న కట్టాల్సిన అద్దె 15న కట్టాను. నా పదివేలు, రోజుకు వంద చొప్పున 2,300 వెంటనే వేయకపోతే అందర్నీ కోర్టుకీడుస్తాను.’

మాటలు మార్చే ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, దీనిలో జరిగినవి ఏమేమిటో ఒక్కోటీ ఒక్కో వరుసలో రాయి. తేదీ, సమయం, చోటు, అడిగిన మొత్తం, నోట్లు రాకపోవడం, మెసేజ్, 10న వెళ్లడం, అక్కడ విన్న మాట, 18న వెళ్లడం, ఆయన తలెత్తకపోవడం, ఆయన అన్న మాట, అద్దె ఆలస్యం, డబ్బు ఇంకా రాకపోవడం. 13 వచ్చాయి. ఈ పదమూడూ కొత్త ఉత్తరంలో ఇలాగే ఉండాలి. పద్నాలుగోది కొత్తగా చేరకూడదు.

మిగిలినవి నీ అభిప్రాయాలు. దోపిడీ, కుక్కలా, కసిరాడు, ఈడుస్తాను. ఇవి తీసేస్తే జరిగినదాంట్లో ఏమీ తగ్గదు. అక్కడే నీకు అనుమానం రావచ్చు, ఆయన నిజంగానే కసిరాడు కదా అని. కసరడం నీ చెవికి అనిపించింది. దాన్ని ఆయన కాదనగలడు, నువ్వు నిరూపించలేవు. ఆయన అన్న మాట మాత్రం మాటగానే ఉంది. ‘అది వేరే బ్యాంకు ఏటీఎం, మాకు సంబంధం లేదు’ అన్నది కొటేషన్లలో అక్షరం మార్చకుండా పెట్టు. చదివే మేనేజరుకు ఆ వాక్యంలో తప్పెక్కడుందో వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ఏటీఎం ఏ బ్యాంకుదైనా సరే, కార్డిచ్చిన బ్యాంకే ఖాతాదారు ఫిర్యాదు తీసుకోవాలి. నువ్వు తిట్టిన తిట్టు కంటే ఆ ఉద్యోగి అన్న ఆ ఒక్క మాటే నీకు ఎక్కువ పనికొస్తుంది.

ఇక ‘నెల రోజులు’. జూన్ 8 నుంచి నువ్వు ఉత్తరం ఇస్తున్న జూలై 1 వరకు 23 రోజులు. తేదీలు నువ్వే రాశావు, నెల అన్నది విసుగులో వచ్చిన మాట. తేదీలుంచి ఆ మాట తీసెయ్. అలాగే ‘ఏడున్నర ప్రాంతంలో’ అన్నదాన్ని మెసేజ్ చూసి 7:42 అని దిద్దబోకు. నువ్వు వెళ్లింది ఏడున్నర ప్రాంతంలో, మెసేజ్ వచ్చింది 7:42కి. రెండూ వేర్వేరు విషయాలు, రెండూ ఉండాలి. చక్కగా కనబడాలని సమయాలు సరిచేస్తే, రేపు ఏటీఎం రికార్డుతో పోల్చినప్పుడు నీ మాటే తేడాగా కనిపిస్తుంది.

2,300 సంగతి వేరు. అది జరిగిన విషయం కాదు, నువ్వు కట్టిన లెక్క, అందుకని దాన్ని దిద్దొచ్చు. దిద్దాలి కూడా. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులర్ ప్రకారం ఏటీఎంలో నగదు రాకుండా ఖాతాలో తగ్గిన సొమ్మును లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లో బ్యాంకు తనంత తానే తిరిగి వేయాలి. ఆ గడువు దాటాకే రోజుకు రూ.100. నీకు గడువు జూన్ 13తో ముగిసింది. జూన్ 14 నుంచి 30 వరకు 17 రోజులు, జూలై 1తో కలిపి 18. అంటే ఈ రోజుకు రూ.1,800. నువ్వు 2,300 అని పంపితే వాళ్లు అసలు సంగతి వదిలేసి ‘మీరు అడిగిన మొత్తం నిబంధనల ప్రకారం లేదు’ అని ఒక్క వాక్యం జవాబిచ్చి ఊరుకోవచ్చు.

ఇప్పుడు నీ రెండో ప్రతి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే కనుక కొంచెం నిదానంగా చదువు. ‘నగదు రానట్టుగా అనిపించింది’ అని రాశావు. రాలేదా, రానట్టు అనిపించిందా? ‘పొరపాటున కట్ అయి ఉండవచ్చు’ అన్నావు. మెసేజ్ చేతిలో పెట్టుకుని ఉండవచ్చు అంటావేమిటి? ‘సిబ్బంది పని ఒత్తిడిలో ఉండి సరిగా స్పందించలేకపోయారు’ అన్నావు. వాళ్ల ఒత్తిడి నీకెలా తెలుసు? అది పద్నాలుగో విషయం, నువ్వు కల్పించింది. పైగా ఆయన అన్న మాట ఎగిరిపోయింది. ‘కొన్నిసార్లు వచ్చాను’ అన్నావు, 10, 18 తేదీలు పోయాయి.

మర్యాద ఎక్కడ చూపించాలంటే ఎదుటి మనిషిని పిలిచే తీరులో, అడిగే క్రియలో. జరిగింది చెప్పే క్రియలో కాదు. అక్కడ ‘రాలేదు’, ‘తగ్గింది’, ‘అన్నారు’ అని సూటిగా ఉండాలి. ‘అనిపించింది’, ‘ఉండవచ్చు’, ‘అట’, ‘అన్నట్టు గుర్తు’ ఇవేవీ చేరకూడదు. ‘మనిషి’ అన్నచోట ‘ఉద్యోగి’, ‘అన్నాడు’ బదులు ‘అన్నారు’ చాలు. గౌరవం వచ్చింది, విషయం కదల్లేదు.

అడిగేటప్పుడు మన భాషలో మెట్లున్నాయి. ‘వేయండి’ అంటే ఆజ్ఞలా ఉంటుంది. ‘వేయగలరు’ అని ఆఫీసుల్లో రాస్తారు కానీ అది వేస్తారన్న ఆశో, వేయమన్న కోరికో తేలదు. ‘తమరు దయతలచి వేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను’ అంటే నీ డబ్బునే నువ్వు దానం అడిగినట్టవుతుంది. ‘మనవి చేసుకుంటున్నాను’లో ఆ ‘కుంటున్నాను’ కూడా మనల్ని మనమే ఒక మెట్టు దించుకోవడం. ‘జమ చేయవలసిందిగా కోరుతున్నాను’ సరిగ్గా సరిపోతుంది, చేయవలసిన పని అని చెబుతూనే కోరుతున్నది. దయచేసి అన్న మాట వాడాలనిపిస్తే ఉత్తరం మొత్తంలో ఒక్కసారి, అదీ జవాబు అడిగే చోట వాడు.

కోర్టు బెదిరింపు స్థానంలో నువ్వు నిజంగా చేయబోయేది రాయి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చాక 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది తృప్తిగా లేకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, cms.rbi.org.in లోనే పెట్టుకోవచ్చు. ఆ సంగతి ఒక్క వాక్యంలో, ఏ విశేషణమూ లేకుండా చెబితే కోర్టుకన్నా గట్టిగా వినిపిస్తుంది. అందర్నీ కోర్టుకీడుస్తానంటే, ఈడ్చవని వాళ్లకూ తెలుసు.

ఇవన్నీ కలిపితే ఉత్తరం ఇలా వస్తుంది:

‘బ్రాంచి మేనేజర్ గారికి,

విషయం: ఏటీఎంలో నగదు రాకుండా 8-6-2024న నా ఖాతాలో తగ్గిన రూ.10,000 తిరిగి జమ చేయడం గురించి.

అయ్యా,

జూన్ 8, శనివారం సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో బస్టాండ్ ఎదురుగా ఉన్న ఏటీఎంలో రూ.10,000 తీసుకోవడానికి మీ బ్యాంకు కార్డు వాడాను. ఒక్క నోటు కూడా రాలేదు. 7:42కి నా ఖాతాలో రూ.10,000 తగ్గినట్టు మెసేజ్ వచ్చింది. ఆ సొమ్ము నేటి వరకు తిరిగి జమ కాలేదు.

జూన్ 10న మీ బ్రాంచికి వచ్చినప్పుడు “నాలుగు రోజులాగండి, అదే వస్తుంది” అన్నారు. జూన్ 18న మళ్లీ వచ్చినప్పుడు కౌంటర్లోని ఉద్యోగి తలెత్తి చూడకుండా “అది వేరే బ్యాంకు ఏటీఎం, మాకు సంబంధం లేదు” అన్నారు. ఈ సొమ్ము అందక జూన్ 10న కట్టవలసిన ఇంటి అద్దె 15న కట్టాను.

రిజర్వ్ బ్యాంకు 20-9-2019 నాటి సర్క్యులర్ ప్రకారం ఈ సొమ్ము జూన్ 13లోగా జమ కావాలి. కాబట్టి రూ.10,000, దానితోపాటు జూన్ 14 నుంచి జమ అయ్యే రోజు వరకు రోజుకు రూ.100 చొప్పున పరిహారం (నేటికి రూ.1,800) నా ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను. తీసుకున్న చర్యను దయచేసి రాతపూర్వకంగా తెలపండి. 30 రోజుల్లో పరిష్కారం అందకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాను.’

కింద నీ పేరు, ఖాతా నంబరు, కార్డు చివరి నాలుగు అంకెలు, ఫోను నంబరు. కార్డు పూర్తి నంబరు గానీ పిన్ గానీ ఎక్కడా రాయకు. మెసేజ్ స్క్రీన్‌షాట్ ప్రింటు జతచేసి, ‘జత: మెసేజ్ ప్రతి’ అని రాయి.

రాశాక ఆ తెల్ల కాగితం మళ్లీ తీసి, పెన్సిలుతో ఒక్కో వరుస ఉత్తరంలో ఎక్కడుందో చూసి టిక్ పెట్టు. తర్వాత తిరగేసి చూడు. ఉత్తరంలో ఒక్కో వాక్యం తీసుకుని అది కాగితంలో ఉందా అని. లేనిది కనిపిస్తే అది నిబంధనో, నీ కోరికో అయి ఉండాలి, ఇంకేదైనా అయితే కొట్టెయ్. ఈ రెండో చూపు చాలామంది వదిలేస్తారు, కల్పించినవి దొరికేది అక్కడే. ఆ తర్వాత పైకి గట్టిగా ఒకసారి చదువు. ఎక్కడైనా గొంతు పెరిగితే అక్కడ ఇంకా ఒక విశేషణం మిగిలిందన్నమాట.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లు. ఒకటి వాళ్లకిచ్చి రెండోదానిపై ముద్ర, తేదీ, సంతకం వేయించుకో. ఆ 30 రోజులు నువ్వు రాసిన రోజు నుంచి కాదు, వాళ్లకు అందిన రోజు నుంచి లెక్క. ముద్ర వేయడానికి ఇష్టపడకపోతే వాదించకుండా బయటికొచ్చి అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. ఉత్తరం జూలై 1 కాక ఇంకో రోజు ఇవ్వాల్సొస్తే ఆ 1,800 మళ్లీ లెక్కగట్టి మార్చడం మర్చిపోకు.

ఇట్లు,
మీ మామయ్య