పన్నెండేళ్ల హైకుల్లో నిజంగా పెరిగిన జీతం ఎంత?

"2012లో ఏడాదికి 3 లక్షలతో చేరాను, 2024లో 9.5 లక్షలు. ధరలు తీసేస్తే నిజంగా ఎంత పెరిగినట్టు?"

2012 ధరల్లో చూస్తే 3 లక్షల నుంచి సుమారు 5 లక్షలకు. వినియోగదారుల ధరల సూచీ 2012లో 100 అనుకుంటే 2024 సగటు దాదాపు 190. అందుకే 9.5ని 1.9తో భాగించాలి. చేతికి మూడింతలు దాటి వచ్చినా కొనుగోలు శక్తి పెరిగింది మూడింట రెండు వంతులే. ఏటా సగటు హైకు 10 శాతం, అసలు పెరుగుదల 4.3 శాతం.

ఏ ఏడాదికి ఆ ఏడాది చూడాలన్నా భాగహారమే. 2022–23లో ద్రవ్యోల్బణం 6.7 శాతం. అప్పుడు 8 శాతం హైకు వస్తే 1.08 ÷ 1.067, అంటే 1.2 శాతమే మిగిలింది. హైకు లేని ఏడాదిని వదిలేయకండి. అది నేరుగా కోతే. సూచీ దేశ సగటు కాబట్టి, మీ అద్దె, పిల్లల ఫీజులు అంతకంటే వేగంగా పెరిగుంటే మీకు మిగిలింది ఇంకా తక్కువ.